పోయిన కార్డు, ఆపిన నిమిషం

ఒక ఉదాహరణ కట్టుకుందాం. కొత్తపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన. ఆ రోజు రెండో శనివారం. సాయంత్రం నాలుగూ పదికి రాజోలు పెట్రోలు బంకులో కార్డుతో ఐదు వందలు కట్టి, సఖినేటిపల్లి రేవుకు పోయి నరసాపురం వెళ్లే పంటు ఎక్కాడు. పంటు మీద మనుషులూ మోటారు సైకిళ్లూ కిక్కిరిసి ఉన్నాయి. అవతలి ఒడ్డున దిగి బంధువుల ఇంటికి చేరాడు. ఆరూ ఐదుకి వెనక జేబు తడుముకుంటే పర్సు లేదు.

ఫోను తీసి చూస్తే బ్యాంకు నుంచి రెండు మెసేజీలు వచ్చి ఉన్నాయి. ఐదూ నలభైకి ఒక దుకాణంలో 1,850 రూపాయలు, ఐదూ యాభై రెండుకి ఇంకోచోట 4,600 రూపాయలు. రెండూ తనవి కావు. ఆరూ తొమ్మిదికి ఆయన కార్డు బ్లాక్ చేయించాడు. ఆరూ పద్నాలుగుకి ఎవరో అదే కార్డుతో 4,900 రూపాయలకు ప్రయత్నించారు. అది సాగలేదు.

ఈ అధ్యాయమంతా ఆ రెండు గంటల లోపలి కథే. కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండానే అది ఎలా పనికిరాకుండా పోయింది? ఆరూ తొమ్మిదికి ముందు పోయిన డబ్బు ఎవరిది, తరవాత పోతే ఎవరిది?

కార్డులో డబ్బు లేదు, అడిగే హక్కే ఉంది

దుకాణంలో కార్డును మెషిన్‌కు తాకించగానే, ఆ మెషిన్ ఒక చిన్న సందేశం తయారు చేస్తుంది. కార్డు నంబరు, మొత్తం, దుకాణం గుర్తింపు, చిప్ ఆ ఒక్కసారికే అల్లిన రహస్య సంకేతం అందులో ఉంటాయి. ఆ సందేశం ముందు దుకాణదారుడి బ్యాంకుకు, అక్కడి నుంచి రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్కుకు, చివరికి కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. నంబరులోని మొదటి అంకెలు ఆ కార్డు ఏ బ్యాంకుదో చెబుతాయి కాబట్టి దారి తప్పదు. ఏటీఎంలో అయితే వేరే బ్యాంకు మెషిన్ నుంచి మన బ్యాంకు దాకా సందేశాన్ని మోసేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే స్విచ్.

మన బ్యాంకు కంప్యూటరు దగ్గర ప్రతి కార్డుకూ ఒక వరుస ఉంటుంది. ఆ కార్డు నడుస్తోందా, ఆగిందా, ఆగితే ఎందుకు, ఈ రోజుకు ఎంత పరిమితి మిగిలింది అన్నవి అందులో రాసి ఉంటాయి. పిన్ అడిగిన లావాదేవీ అయితే పిన్ సరిపోయిందో లేదో, ఖాతాలో డబ్బుందో లేదో కూడా చూసుకుని బ్యాంకు రెండంకెల జవాబు పంపుతుంది. కార్డు సందేశాలకు ప్రపంచమంతా వాడే ఐఎస్‌ఓ 8583 ప్రమాణంలో 00 అంటే సరే. 55 అంటే పిన్ తప్పు. 41 అంటే పోగొట్టుకున్న కార్డు, 43 అంటే దొంగిలించిన కార్డు. ఈ రాకపోకలన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి.

బ్లాక్ చేయడమంటే ఆ వరుసలో ఒక్క గడి మార్చడం. కార్డు ఎవరి చేతిలో ఉన్నా, నరసాపురంలో ఉన్నా నాగపూర్‌లో ఉన్నా, అది అడిగే ప్రశ్న మన బ్యాంకుకే రావాలి. అక్కడ జవాబు మారిపోయింది కాబట్టి ప్లాస్టిక్ అలాగే ఉన్నా పని అయిపోయింది. ఫోను లైన్ల మీద ఇంత వేగం లేని రోజుల్లో పాశ్చాత్య దేశాల బ్యాంకులు పోయిన కార్డుల నంబర్లను పుస్తకాలుగా అచ్చువేసి దుకాణాలకు పంచేవి. పుస్తకం చేరేలోగా దొంగకు రోజుల వ్యవధి దొరికేది. ఇప్పుడు ఆ వ్యవధి, పర్సు పోయిన సంగతి మనం గమనించడానికి పట్టే సమయం మాత్రమే.

దొరికిన కార్డుతో ఏం చేయగలరు

పిన్ తెలియని మనిషికి ఏటీఎం దాదాపు మూసిన తలుపే. నాలుగంకెల పిన్‌లు పది వేలు, బ్యాంకులు మామూలుగా ఇచ్చే అవకాశాలు మూడు. అయితే పిన్‌ను కార్డు కవరు మీద రాసుకున్నా, పుట్టిన సంవత్సరమే పిన్‌గా పెట్టుకుని అదే పర్సులో ఆధార్ కాపీ ఉంచుకున్నా ఈ లెక్క చెల్లదు. మన దేశపు వెబ్‌సైట్లలో ఓటీపీ కావాలి, అది మన ఫోనుకు వస్తుంది. విదేశీ సైట్లు కొన్ని ఓటీపీ అడగకుండానే కార్డు నంబరు, గడువు తేదీ, వెనకనున్న మూడంకెలతో డబ్బు లాగగలవు. కానీ కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆపి ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది.

మిగిలేది ట్యాప్. 2021 జనవరి 1 నుంచి ఒక్కో ట్యాప్‌కు 5,000 రూపాయల దాకా పిన్ లేకుండా చెల్లించవచ్చు. అంతకుముందు ఆ హద్దు 2,000. మన ఉదాహరణలోని మూడు ప్రయత్నాలూ ఐదు వేల లోపే ఉండటం అందుకే. కార్డు దొరికినవాడికి ఆ హద్దు తెలుసు. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్త కార్డు చేతికొచ్చేటప్పుడు ట్యాప్, ఆన్‌లైన్, అంతర్జాతీయ వాడకం మూడూ ఆగి ఉండాలి. ఖాతాదారుడే కావలసినవి తెరుచుకోవాలి. మన వ్యాపారి ఎప్పుడో ట్యాప్ తెరిచాడు, దానికి పరిమితి మాత్రం పెట్టుకోలేదు.

కార్డుతో పాటు ఫోను కూడా పోతే సంగతి ఇంకా ముదురుతుంది. యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి సాధారణంగా అడిగేవి కార్డులోని చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఆ ఫోనుకే వచ్చే ఓటీపీ. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అదొక అడ్డు. అందుకని రెండూ పోయినప్పుడు కార్డుతో పాటు సిమ్ కూడా ఆపించాలి, యూపీఐని కూడా ఆపమని బ్యాంకుకు వేరుగా చెప్పాలి. కార్డును బ్లాక్ చేస్తే యూపీఐ ఆగదు. ఫోను చేతిలోనే ఉన్నవాడికి ఇదే మేలు. కొత్త కార్డు వచ్చేదాకా ఫోన్‌పే, గూగుల్‌పే మామూలుగానే నడుస్తాయి.

ఆపే దారులు

మన వ్యాపారిది స్టేట్ బ్యాంకు ఖాతా అనుకుందాం. బ్యాంకులో నమోదైన నంబరు నుంచి ఈ మెసేజి 567676కు పంపాలి. నాలుగంకెలూ కార్డులోని చివరివి.

```
BLOCK 4321
```

కార్డే పోయాక చివరి అంకెలు ఎక్కడ దొరుకుతాయి? ఫోనులోని పాత బ్యాంకు మెసేజీల్లోనే, ఆ ఐదు వందల పెట్రోలు మెసేజీలో కూడా, నంబరు తోక కనిపిస్తుంది. అక్కడున్నది కార్డు నంబరు తోకా, ఖాతా నంబరు తోకా అన్నది మాత్రం చూసుకోవాలి. రెండూ వేరు. రెండో దారి 1800 1234కు గానీ 1800 2100కు గానీ ఫోను చేయడం. మూడోది యాప్. మిగతా బ్యాంకులకు వాటి నంబర్లు వేరు, పాస్‌బుక్ మీదో బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లోనో ఉంటాయి. గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన నంబరుకు ఫోను చేయకూడదు. కార్డు పోయి కంగారులో ఉన్నవాళ్ల కోసమే దొంగ కస్టమర్ కేర్ నంబర్లు కాచుకుని ఉంటాయి. కార్డు ఆపడానికి పిన్ గానీ, వెనకనున్న మూడంకెలు గానీ ఏ బ్యాంకూ అడగదు.

యాప్ ఉండగా మెసేజి దారి ఎందుకని కోనసీమవాళ్లు అడగనక్కర్లేదు. జిల్లా పేరు మార్పు మీద 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగినప్పుడు మొబైల్ ఇంటర్నెట్‌ను వారానికి పైగా ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా అంచులకు వెళ్లారు. నెట్ లేకపోతే యాప్ తెరుచుకోదు. మెసేజీ, మాటా వెళ్లే దారి వేరు. నెట్ ఆపినంత మాత్రాన ఆ దారి ఆగదు. ఆ మెసేజి రూపాన్ని ఫోనులోనే కాక ఇంట్లో క్యాలెండరు మీద కూడా రాసి పెట్టుకోవడం అందుకే పనికొస్తుంది.

బ్లాక్‌లో రెండు రకాలున్నాయి. కార్డు ఇంట్లోనే ఎక్కడో ఉందని అనుమానమైతే యాప్‌లో తాత్కాలికంగా ఆపి, దొరికాక తిరిగి తెరుచుకోవచ్చు. పోయిందని తేలితే శాశ్వతంగా ఆపాలి. అలా ఆపిన కార్డు తరవాత దొరికినా సాధారణంగా తిరిగి బతకదు. దాన్ని చిప్ మీదుగా కత్తిరించి పారేయడమే.

దేన్ని పంపినా, ఎవరితో మాట్లాడినా చివరికి చేతికి రావలసింది ఫిర్యాదు నంబరు, దాని పక్కన సమయం. మన వ్యాపారి ఆరూ తొమ్మిది అన్న ఆ మెసేజిని స్క్రీన్‌షాట్ తీసి ఉంచాడు. డబ్బు లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కార్డు రాజోల్లో, మెసేజీ కువైట్‌లో

కోనసీమలో ఇంకో చిక్కు ఉంది. గల్ఫ్‌లో పనిచేసే కూతురి ఖాతా, కార్డు రాజోల్లో అమ్మ దగ్గర, పిన్ కూడా అమ్మకు తెలుసు. బ్యాంకులో నమోదైన ఫోను నంబరు మాత్రం కువైట్‌లో కూతురి దగ్గర ఉంటుంది. కార్డు పోతే డబ్బు పోయిన మెసేజీ అమ్మకు రాదు. బ్లాక్ మెసేజి అమ్మ ఫోను నుంచి పంపితే బ్యాంకు తీసుకోదు. మనకు ఉదయం తొమ్మిదైతే కువైట్‌లో ఆరున్నర. కూతురు పనిలో ఉంటే ఫోను చూసేసరికి మరికొన్ని గంటలు. టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి చాలావరకు కలవవు. విదేశీ ఖాతాదారులకు బ్యాంకు ఇచ్చే మామూలు నంబరు ముందే ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

దీనికంటే పెద్ద ఇబ్బంది నష్టం వచ్చాక మొదలవుతుంది. బెంగళూరులో 2013లో ఒకావిడ బాలింతగా ఉండి, తన కార్డూ పిన్నూ భర్తకిచ్చి ఏటీఎంకు పంపింది. మెషిన్ నుంచి 25,000 రూపాయల రసీదు వచ్చింది, నోట్లు రాలేదు. కేసు వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. కార్డు ఇతరులకు ఇవ్వకూడదన్న నిబంధనను బ్యాంకు చూపించింది. 2018లో తీర్పు బ్యాంకు వైపే వచ్చింది. కట్టుకున్న భర్తకిచ్చినా అంతే అయినప్పుడు, అమ్మకిచ్చిన కార్డు సంగతి చెప్పేదేముంది. నెలనెలా డబ్బును అమ్మ సొంత ఖాతాకే పంపి, ఆ ఖాతాకు అమ్మ పేరున కార్డు, అమ్మ ఫోను నంబరు పెట్టించడం ఇంతకంటే గట్టి ఏర్పాటు.

లెక్క చదవడం

కార్డు ఆపాక ఆ రాత్రే ఖాతా లావాదేవీలు చూడాలి. పర్సు పోయిందని గమనించిన నిమిషం నుంచి కాదు, కార్డు తన చేత్తో చివరిసారి వాడిన క్షణం నుంచి చూడాలి. మన వ్యాపారికి అది నాలుగూ పది. అక్కడి నుంచి కిందికి ఒక్కో వరుసా ఇది నాదేనా అని అడుగుతూ పోవాలి.

మూడు చోట్ల జనం పొరబడతారు. ఒకటి, దుకాణం బోర్డు మీద పేరు, స్టేట్‌మెంట్‌లో పేరు ఒకటి కాకపోవచ్చు. బంకు యజమాని సంస్థ పేరు కనిపించి, తన పెట్రోలునే దొంగతనమని ఫిర్యాదు చేసేవాళ్లుంటారు. మొత్తం, సమయం పోల్చితే తేలిపోతుంది. రెండు, ఒక రూపాయి, పది రూపాయలు పోయిన వరుసను చిన్నదని వదిలేయకూడదు. కార్డు బతికి ఉందో లేదో చూసుకోవడానికి ముందు అలా తట్టి చూడటం ఉంది. మూడు, తేదీలు. దుకాణంలో అనుమతి దొరికిన రోజు వేరు, లెక్కలో పూర్తిగా పడే రోజు వేరు కావచ్చు. 4,600 రూపాయల వరుస సోమవారం తేదీతో కనిపించి, బ్లాక్ చేశాక కూడా డబ్బు పోయిందని ఆయన ఉలిక్కిపడవచ్చు. దానికి శనివారం ఐదూ యాభై రెండుకే అనుమతి దొరికింది. బ్లాక్ అనేది ఆ నిమిషం తరవాత వచ్చే ప్రశ్నలకు జవాబు మారుస్తుంది, ముందే ఇచ్చిన జవాబును వెనక్కి తీసుకోదు.

బ్లాక్‌కు అందని డబ్బు ఇంకొకటి ఉంది. మెట్రోల్లో, బస్సుల్లో వాడే నేషనల్ కామన్ మొబిలిటీ కార్డుల్లో 2,000 రూపాయల దాకా చిప్‌లోనే నింపుకోవచ్చు. ఆ మొత్తం ఖర్చయ్యేటప్పుడు మెషిన్ బ్యాంకును అడగదు కాబట్టి బ్యాంకు ఆపలేదు. అది జేబులో పోయిన నోటుతో సమానం.

ఎవరి డబ్బు పోయినట్టు

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం నష్టాన్ని పంచే తీరు చెప్పింది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుడికి నష్టం లేదు. పిన్ ఇంకొకరికి చెప్పడం వంటి నిర్లక్ష్యం ఖాతాదారుడిదైతే, బ్యాంకుకు తెలియజేసే నిమిషం దాకా పోయినదంతా అతనిది. తెలియజేశాక పోయినది మాత్రం బ్యాంకుదే. ఇద్దరి తప్పూ లేక మూడోవాడి పని అయితే, బ్యాంకు మెసేజి అందాక మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుడికి నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే ఒక్కో లావాదేవీకి ఒక హద్దు దాకా భరించాలి. జీరో బ్యాలెన్సు ఖాతాకు 5,000, మామూలు పొదుపు ఖాతాకు 10,000. ఆ తరవాతైతే బ్యాంకు సొంత విధానం. నిర్లక్ష్యం ఖాతాదారుడిదే అని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీద ఉంటుంది.

ఇప్పుడు మన వ్యాపారి లెక్క చూద్దాం. మెసేజి వచ్చిన రోజును లెక్కించరు. శనివారం పోయింది, ఆదివారం సెలవు. సోమ, మంగళ, బుధ మూడు పనిదినాలు. ఆయన శనివారమే చెప్పాడు. 1,850, 4,600 రెండూ పిన్ లేని ట్యాప్‌లు, పిన్ ఎవరికీ చెప్పింది లేదు. మొత్తం 6,450 రూపాయలు అడిగే హక్కు ఆయనకుంది. ఆరూ పద్నాలుగు నాటి 4,900 ఒకవేళ సాగిపోయి ఉంటే అది వాదన లేకుండా బ్యాంకు నెత్తిన పడేది, ఫిర్యాదు ఆరూ తొమ్మిదికే నమోదైంది కాబట్టి. అదే కవరు మీద పిన్ రాసి ఉండి, ఐదూ యాభై ఐదుకి ఏటీఎంలో పది వేలు తీసి ఉంటే అది ఆయన నెత్తిన పడేది.

శుక్రవారం దాకా చూద్దాంలే అనుకుంటే? అది ఐదో పనిదినం. హద్దు 10,000 కదా, పరవాలేదు అనిపిస్తుంది. కానీ ఖాతాదారుడు భరించేది లావాదేవీ మొత్తం, ఆ హద్దు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. 1,850 పది వేల కంటే తక్కువ, 4,600 కూడా తక్కువే. అంటే రెండూ పూర్తిగా ఆయనవే. ట్యాప్ దొంగతనాలన్నీ ఐదు వేల లోపే ఉంటాయి కాబట్టి ఈ రెండో గడువు వాటికి ఒక్క రూపాయీ మిగల్చదు. వీటికి పనికొచ్చేది మొదటి మూడు పనిదినాలే.

కార్డు ఆపమని చెప్పడం, ఈ లావాదేవీలు నావి కావని చెప్పడం రెండు వేరు పనులు. మొదటిది చేసి రెండోది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. సోమవారం ఆయన కొత్తపేట శాఖకు వెళ్లి, రెండు వరుసలూ సమయాలతో రాసి, బ్లాక్ ఫిర్యాదు నంబరు జోడించి వివాదపత్రం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. శనివారం రాత్రే 1930కి ఫోను చేసి సైబర్ ఫిర్యాదు, రేవు దగ్గరి పోలీసు స్టేషన్‌లో పర్సు దొంగతనం ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఆ కాగితాలు కూడా జోడించాలి. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. తాత్కాలిక జమ వెనక్కి పోవచ్చు కాబట్టి తేలేదాకా దాన్ని ముట్టకుండా ఉంచుకోవడం మంచిది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో రాయవచ్చు.

కొత్త కార్డు

కొత్త కార్డుకు యాప్‌లో గానీ శాఖలో గానీ అడగాలి. ఖాతా నంబరు మారదు. కార్డు నంబరు, గడువు, వెనక మూడంకెలు, పిన్ మారతాయి. కార్డు బ్యాంకు దగ్గరున్న చిరునామాకు పోస్టులో వస్తుంది. ఖాతా తెరిచినప్పటి హైదరాబాద్ అద్దె ఇంటి చిరునామా అలాగే ఉంటే కార్డు అక్కడికి పోయి తిరిగొస్తుంది కాబట్టి అడిగేముందే దాన్ని సరిచూసుకోవాలి. కొన్ని శాఖలు పేరు అచ్చు లేని కార్డును అప్పటికప్పుడు ఇస్తాయి. అంతవరకు నగదు కావాలంటే పాస్‌బుక్‌తో విత్‌డ్రాయల్ ఫారం రాయవచ్చు, ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ వేలిముద్రతో తీసుకోవచ్చు, కొన్ని ఏటీఎంలలో యూపీఐ క్యూఆర్‌తో తీసుకోవచ్చు. పాత కార్డు మీద కట్టే నెలవారీ చందాలు ఆగిపోతాయి, వాటికి కొత్త కార్డు మళ్లీ ఇవ్వాలి.

కొత్త కార్డు ట్యాప్ లేకుండానే వస్తుంది. మన వ్యాపారి దాన్ని తిరిగి తెరవాలనుకుంటే, తెరిచే చోటే రోజువారీ పరిమితి కూడా పెట్టుకోవచ్చు. మొదటి కార్డుకు రోజుకు 2,000 అని పెట్టి ఉంటే ఐదూ నలభైకి 1,850 పోయేది, ఐదూ యాభై రెండుకి 4,600 తిరస్కారమయ్యేది. పర్సు పోయిన సంగతి ఆయనకు తెలియడానికి పదమూడు నిమిషాల ముందే, ఎవరికీ ఫోను చేయకుండానే, నష్టం అక్కడ ఆగిపోయేది.